సిరాకూ కాగితానికీ మధ్య గీత ఎక్కడ? ఒట్సు థ్రెషోల్డ్ లెక్క

(బరంపురంలో తెలుగు విద్యార్థులు, ఉపాధ్యాయుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా మన బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవని మీకు తెలుసు. అందువల్లనే ఇక్కడి తెలుగు ఇళ్లలో తెలుగులో రాసిన పాత భూమి దస్తావేజులు, పద్దు పుస్తకాలు, ఉత్తరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని ఫోనుతో ఫొటో తీసి భద్రపరచాలన్న పట్టుదల మన పిల్లల్లో కనిపిస్తున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. అయితే ఫొటో తీసిన తరువాత అక్షరాన్ని కాగితం నుంచి విడదీసే మెట్టు ఒకటి ఉంటుంది: ప్రతి పిక్సెల్‌నూ సిరా అనో కాగితం అనో తేల్చి, నలుపు తెలుపుల బొమ్మగా మార్చాలి. ఆ తేల్చే అంకెను థ్రెషోల్డ్ అంటారు. అది కొంచెం తక్కువైతే ‘ధ’ కింది ఒత్తు గీత చెరిగిపోయి ‘ద’ అవుతుంది, కొంచెం ఎక్కువైతే చెమ్మ మరకలన్నీ సిరాగా మారిపోతాయి. ఆ అంకెను కంటితో చూసి ఊహించకుండా లెక్కతో రాబట్టే పద్ధతిని జపాన్‌కు చెందిన నొబుయుకి ఒట్సు 1979లో ఐదు పేజీల వ్యాసంలో ప్రచురించారు. ఈ రోజు ఆ లెక్క ఎలా పుడుతుందో, ఒక చిన్న హిస్టోగ్రామ్ మీద ఎలా నడుస్తుందో, మన పాత కాగితాల మీద ఎక్కడ తప్పుతుందో చెబుతాను.

మామూలు బూడిద రంగు బొమ్మలో 0 నుంచి 255 దాకా 256 స్థాయిలు ఉంటాయి. బల్ల మీద చేత్తో లెక్కించడానికి అన్ని స్థాయిలు అక్కర్లేదు కాబట్టి, ప్రతి విలువనూ 32తో భాగించి, శేషాన్ని వదిలేసి, 0 నుంచి 7 దాకా ఎనిమిది స్థాయిలే ఉంచుకుందాం. 0 అంటే కటిక నలుపు, 7 అంటే తెలుపు. ఒక దస్తావేజు ఫొటోలో అక్షరాలు దట్టంగా ఉన్న చోట పదికి పది పిక్సెళ్ల ముక్క ఒకటి తీసుకున్నామనుకోండి. అందులోని 100 పిక్సెళ్లు స్థాయిల వారీగా ఇలా పడ్డాయి, ఇదే మన హిస్టోగ్రామ్:

```
స్థాయి :  0   1   2   3   4   5   6   7
సంఖ్య :  8  12   6   2   4  18  30  20
```

ఎడమవైపు చిన్న గుంపు సిరాది, కుడివైపు పెద్ద గుంపు కాగితానిది. థ్రెషోల్డ్ విలువను t అందాం. t తో సమానమైన లేదా అంతకన్నా తక్కువ స్థాయిలో ఉన్న పిక్సెళ్లు ముదురు తరగతిలోకి, అంతకన్నా ఎక్కువ స్థాయిలో ఉన్నవి లేత తరగతిలోకి వెళతాయి. t ఏ వైపుకు చెందుతుందో మొదటే తేల్చుకోవాలి. లేకపోతే లెక్క సరిగానే చేసి, దాన్ని బొమ్మ మీద ప్రయోగించేటప్పుడు ఒక స్థాయి అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు మంచి t అంటే ఏమిటో చెప్పాలి. రెండు తరగతులుగా విడదీసిన తరువాత ఒక్కో తరగతిలోని పిక్సెళ్లు తమ తరగతి సగటుకు దగ్గరగా ఉంటే ఆ విభజన మంచిదని ఒట్సు తీసుకున్నారు. దగ్గరగా ఉండటాన్ని కొలిచే సాధనం మీరు స్టాటిస్టిక్స్‌లో చదువుకున్న విస్తృతి, అంటే సగటు నుంచి ఉన్న దూరాల వర్గాల సగటు. ముదురు తరగతి వాటాను ω0 అని, సగటును μ0 అని రాద్దాం. లేత తరగతి వాటాను ω1 అని, సగటును μ1 అని రాద్దాం. మొత్తం ముక్క సగటు μT. వాటాలు రెండూ కలిస్తే 1.

ఒక పిక్సెల్ మొత్తం సగటు నుంచి ఎంత దూరంలో ఉందో చూడండి. ఆ దూరాన్ని రెండు ముక్కలుగా రాయవచ్చు: ఆ పిక్సెల్ తన తరగతి సగటు నుంచి ఉన్న దూరం ఒకటి, ఆ తరగతి సగటు మొత్తం సగటు నుంచి ఉన్న దూరం రెండోది. వర్గం చేస్తే మూడు పదాలు వస్తాయి: మొదటి దూరం వర్గం, రెండో దూరం వర్గం, ఆ రెండింటి లబ్ధానికి రెట్టింపు. ఒక తరగతిలోని పిక్సెళ్లన్నిటి మీదా కూడినప్పుడు ఈ మూడో పదం సున్నా అవుతుంది. ఎందుకంటే ఆ తరగతి మొత్తానికీ రెండో దూరం ఒక్కటే కాబట్టి దాన్ని బయటకు తీయవచ్చు. లోపల మిగిలేది సొంత సగటు నుంచి ఉన్న దూరాల మొత్తం. సగటు నిర్వచనం ప్రకారమే అది సున్నా. కాబట్టి మిగిలేది ఇది:

```
σT² = σW² + σB²
```

σT² మొత్తం విస్తృతి, σW² తరగతుల లోపలి విస్తృతి, σB² తరగతుల మధ్య విస్తృతి. ఈ సమీకరణంలో ఎడమవైపున ఉన్నది హిస్టోగ్రామ్ మీదే ఆధారపడుతుంది, t ని ఎక్కడ పెట్టినా అది మారదు. కనుక లోపలి విస్తృతిని తగ్గించడమూ, మధ్య విస్తృతిని పెంచడమూ ఒకే పని. లోపలి విస్తృతి కావాలంటే ప్రతి t కీ రెండు తరగతుల వర్గాల మొత్తాలు కట్టాలి. మధ్య విస్తృతికి సగటులూ వాటాలూ చాలు. అందుకే ఒట్సు రెండోదాన్ని పట్టుకున్నారు.

దాన్ని ఇంకా సులువు చేయవచ్చు. నిర్వచనం ప్రకారం σB² = ω0(μ0 − μT)² + ω1(μ1 − μT)². మొత్తం సగటు అంటే ω0μ0 + ω1μ1 కదా. దాన్ని లోపల ప్రతిక్షేపిస్తే μ0 − μT అన్నది ω1(μ0 − μ1) అవుతుంది, μ1 − μT అన్నది ω0(μ1 − μ0) అవుతుంది. రెండింటినీ వర్గం చేసి కూడి, ω0ω1 ను ఉమ్మడిగా బయటకు తీస్తే, లోపల ω1 + ω0 మిగులుతుంది, అది 1. చివరికి వచ్చేది:

```
σB² = ω0 · ω1 · (μ1 − μ0)²
```

ఈ సూత్రాన్ని కాస్త నిలబడి చూడమని కోరుతున్నాను, ఎందుకంటే తరువాత చెప్పబోయే మంచీ చెడూ రెండూ ఇందులోనే ఉన్నాయి. ఇది రెండు విషయాల లబ్ధం. ఒకటి సగటుల మధ్య దూరం, అది మనకు కావలసినదే. రెండోది వాటాల లబ్ధం, అది రెండు తరగతులూ సగం సగం ఉన్నప్పుడు 1/4 దాకా పెరుగుతుంది, ఒక తరగతి చిన్నదైపోయే కొద్దీ సున్నాకు జారుతుంది. అంటే ఈ కొలమానం తరగతులు దూరంగా ఉండాలని కోరుతూనే, అవి పరిమాణంలో సమానంగా ఉండాలని కూడా లోలోపల కోరుతుంది.

మన హిస్టోగ్రామ్‌కు వద్దాం. స్థాయిని సంఖ్యతో గుణించి అన్నీ కూడితే 456, కాబట్టి μT = 4.56. t = 1 పెట్టి చూస్తే ముదురు వైపు 20 పిక్సెళ్లు, వాటి స్థాయిల మొత్తం 12, సగటు 0.60. లేత వైపు 80 పిక్సెళ్లు, మొత్తం 444, సగటు 5.55. తేడా 4.95, దాని వర్గం సుమారు 24.50, వాటాల లబ్ధం 0.16, కాబట్టి మధ్య విస్తృతి 3.92. ఇప్పుడు t = 3 పెట్టండి. ముదురు వైపు 28 పిక్సెళ్లు, మొత్తం 30, సగటు 1.07. లేత వైపు 72 పిక్సెళ్లు, మొత్తం 426, సగటు 5.92. తేడా సుమారు 4.85, అంటే t = 1 దగ్గర ఉన్నదానికన్నా తక్కువే. అయినా వాటాల లబ్ధం 0.2016కు పెరగడం వల్ల మధ్య విస్తృతి 4.73 అయింది. సగటుల తేడా కొద్దిగా తగ్గుతున్నా వాటాల లబ్ధం అంతకు మించి పెరుగుతోందన్న మాట. అన్ని విలువలూ ఇవి:

```
t   :   0     1     2     3     4     5     6
σB² : 1.81  3.92  4.65  4.73  4.59  3.39  1.49
```

గరిష్ఠం t = 3 దగ్గర ఉంది. హిస్టోగ్రామ్‌లో అన్నిటికన్నా తక్కువ సంఖ్య, అంటే రెండు గుంపుల మధ్య లోయ, కూడా 3 దగ్గరే ఉంది. కానీ ఒట్సు లెక్క లోయను వెతకలేదని గమనించాలి. అసలు ఫొటోలో 256 స్థాయిల హిస్టోగ్రామ్ ఎత్తుపల్లాలతో గజిబిజిగా ఉంటుంది, అందులో లోయ ఏదో కంటితో చెప్పడమే కష్టం. ఈ లెక్క మొత్తాల మీద నడుస్తుంది కాబట్టి ఆ గజిబిజికి అంతగా చలించదు.

ప్రోగ్రాం రాసేవాళ్లకు ఒక మాట. ప్రతి t కీ రెండు సగటులు మొదటినుంచీ కట్టనక్కర్లేదు. t దాకా ఉన్న వాటాల మొత్తాన్ని ω అని, స్థాయిని వాటాతో గుణించి t దాకా కూడిన మొత్తాన్ని μ అని ఉంచుకుంటూ పోతే, అదే సూత్రం ఇలా మారుతుంది:

```
σB²(t) = (μT·ω − μ)² / (ω·(1 − ω))
```

t = 3 దగ్గర 4.56 × 0.28 − 0.30 = 0.9768, దాని వర్గం 0.9541, దాన్ని 0.2016తో భాగిస్తే మళ్లీ 4.73. ω సున్నా గానీ 1 గానీ అయిన చోట భాగహారం కుదరదు, ఆ t లను వదిలివేయాలి.

ఇంకొక లక్షణం ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. గరిష్ఠం దగ్గర థ్రెషోల్డ్ ఎప్పుడూ రెండు తరగతుల సగటులకు సరిగ్గా నడుమ పడుతుంది. ఇక్కడ 1.07కూ 5.92కూ నడిమి విలువ 3.49, అది 3కూ 4కూ మధ్య ఉంది. కారణం కష్టమైనది కాదు. ముదురు తరగతిలో వేసిన ఒక పిక్సెల్ నిజానికి లేత తరగతి సగటుకే దగ్గరగా ఉందనుకోండి. దాన్ని అటు మారిస్తే పాత సగటులతో కొలిచినా దూరాల వర్గాల మొత్తం తగ్గుతుంది, సగటులను కొత్తగా కడితే ఇంకా తగ్గుతుంది. అలా తగ్గించే వీలు ఉన్నంత కాలం మనం గరిష్ఠం దగ్గర లేనట్టే. కాబట్టి ఒట్సు పెట్టే గీతకు ఏ గుంపు వెడల్పు, ఏ గుంపు సన్నన అన్న పట్టింపు లేదు. సగటుల నడుమ నిలబడటమే దాని పని.

ఇప్పుడు అదే దస్తావేజులో అంచు దగ్గరి ముక్క ఒకటి తీసుకుందాం. అక్కడ రాత దాదాపు లేదు, ఒక ఒత్తు చివరి సన్నని గీత మాత్రమే దిగి వచ్చింది. కాగితం మాత్రం చెమ్మకు పసుపెక్కి, చోట చోట లేతగా, చోట చోట ముదురుగా ఉంది.

```
స్థాయి :  0   1   2   3   4   5   6   7
సంఖ్య :  1   2   1   0  20  30  28  18
```

ఈ హిస్టోగ్రామ్ చూపిస్తే మీలో ఎవరైనా గీత 3 దగ్గర పెట్టమంటారు. అక్కడ ఒక్క పిక్సెల్ కూడా లేదు, ఎడమవైపున ఉన్న 4 పిక్సెళ్లు సిరా, కుడివైపున ఉన్న 96 కాగితం, సందేహమే లేదు. ఒట్సు లెక్క ఏమంటుందో చూడండి:

```
t   :   1     2     3     4     5     6
σB² : 0.66  0.76  0.76  1.00  1.05  0.65
```

గరిష్ఠం t = 5 దగ్గర పడింది. అంటే 54 పిక్సెళ్లు నలుపు అవుతాయి, అందులో సిరా నాలుగే. మిగిలిన 50 కాగితం పిక్సెళ్లే. బొమ్మలో ఆ చోట నల్లని మచ్చ తప్ప ఏమీ కనిపించదు. ప్రోగ్రాంలో తప్పు లేదు, మనం అడిగినదానికి అది సరైన సమాధానమే ఇచ్చింది. t = 3 దగ్గర సగటులు 1.00, 5.46, తేడా 4.46, వర్గం దాదాపు 19.9. కానీ వాటాల లబ్ధం 0.04 × 0.96 = 0.0384 మాత్రమే. t = 5 దగ్గర సగటులు 4.33, 6.39, తేడా 2.06, వర్గం 4.24 దగ్గర ఆగిపోయింది. అయినా వాటాల లబ్ధం 0.2484, ఆరు రెట్లకు పైన. సూత్రంలో లోలోపల ఉందని చెప్పిన ఆ సమానత్వపు కోరిక ఇక్కడ గెలిచింది. నాలుగు పిక్సెళ్ల సిరాను పక్కకు తీయడంకన్నా, వెడల్పైన కాగితపు గుంపును నడిమికి చీల్చడంలోనే ఎక్కువ విస్తృతి కలిసి వచ్చింది.

నడిమి విలువ పరీక్ష కూడా ఇక్కడ మనల్ని కాపాడదు. 4.33కూ 6.39కూ నడిమి విలువ 5.36, అది 5కూ 6కూ మధ్యే ఉంది. t = 3 దగ్గర కూడా 1.00కూ 5.46కూ నడిమి విలువ 3.23, అదీ 3కూ 4కూ మధ్యే ఉంది. గరిష్ఠం దగ్గర ఆ నియమం తప్పక నెరవేరుతుంది గానీ, నెరవేరిన ప్రతి చోటూ గరిష్ఠం కాదు.

మరి ఇలాంటి ముక్కను ముందుగా ఎలా పసిగట్టాలి? ఒట్సు తన వ్యాసంలోనే ఒక కొలత ఇచ్చారు: గరిష్ఠ మధ్య విస్తృతిని మొత్తం విస్తృతితో భాగించగా వచ్చే η. అది 0కూ 1కీ మధ్య ఉంటుంది. మొదటి ముక్కలో మొత్తం విస్తృతి 5.49, కాబట్టి η = 4.73 / 5.49, అంటే సుమారు 0.86. రెండో ముక్కలో మొత్తం విస్తృతి 1.78, కాబట్టి η = 1.05 / 1.78, అంటే సుమారు 0.59. నూటికి యాభై తొమ్మిది వంతులు అంటే బాగానే ఉందని అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. అసలు రెండు తరగతులే లేకుండా, గంట ఆకారంలో ఒకే గుంపు ఉన్న హిస్టోగ్రామ్‌ను సగానికి కోసినా η విలువ 2/π, అంటే దాదాపు 0.64 వస్తుంది. అన్ని స్థాయిలూ సమానంగా పరచుకున్న చదునైన హిస్టోగ్రామ్‌ను సగానికి కోస్తే 0.75 వస్తుంది. కాబట్టి η ని సున్నా నుంచి కొలవకూడదు, 0.75 దాకా వచ్చిన విలువ రెండు గుంపులు ఉన్నాయనడానికి సాక్ష్యం కాదు. ఖాళీ కాగితానికి కూడా ఒట్సు ఏదో ఒక అంకె ఇచ్చి తీరుతుందని గుర్తుంచుకోవాలి. బొమ్మల పనికి ఎక్కువమంది వాడే OpenCV లైబ్రరీలో ఒట్సు లెక్కకు పిలుపు ఇది:

```
t, bw = cv2.threshold(img, 0, 255,
        cv2.THRESH_BINARY + cv2.THRESH_OTSU)
```

ఇది t ని, మార్చిన బొమ్మను ఇస్తుంది గానీ η ని ఇవ్వదు. దాన్ని మనమే హిస్టోగ్రామ్ నుంచి లెక్కించుకోవాలి. రెండు మూడు పంక్తుల పని, దయచేసి బద్ధకించవద్దు.

పసిగట్టిన తరువాత సరిదిద్దే మార్గం కూడా ఆ సూత్రం నుంచే వస్తుంది. తప్పుకు కారణం వాటాల అసమానత అయితే, హిస్టోగ్రామ్ కట్టేటప్పుడే వాటాలను దగ్గరికి తేవాలి. అందుకు అన్ని పిక్సెళ్లనూ లెక్కలోకి తీసుకోకుండా, రంగు ఒక్కసారిగా మారే చోట్ల, అంటే గీత అంచుల వెంట, అటూ ఇటూ ఉన్న పిక్సెళ్లనే తీసుకుంటారు. గీత అంచుకు ఒక పక్క సిరా, మరో పక్క కాగితం ఉంటాయి కాబట్టి రెండు వైపుల సంఖ్యలూ పోల్చదగినంతగా ఉంటాయి. చెమ్మ మరక అంచు ఎన్నో పిక్సెళ్ల మీదుగా మెల్లగా మారుతుంది, అందుకని అది ఎక్కువగా ఈ ఎంపికలో పడదు. మన రెండో ముక్కలో నాలుగు సిరా పిక్సెళ్లు నిలువుగా ఒక గీతలా ఉన్నాయనుకుంటే, వాటి ఎడమ కుడి పక్కల ఆనుకుని ఉన్న కాగితపు పిక్సెళ్లు ఎనిమిది. మొత్తం 12:

```
స్థాయి :  0   1   2   3   4   5   6   7
సంఖ్య :  1   2   1   0   2   3   2   1
```

ఇందులో t = 3 దగ్గర సగటులు 1.00, 5.25, తేడా 4.25, వాటాలు మూడింట ఒకటి, మూడింట రెండు, మధ్య విస్తృతి 4.01. t = 5 దగ్గర అది 2.08 మాత్రమే. t = 1, 4 ల దగ్గర 3.34, 3.36. మొత్తం విస్తృతి 4.81 కాబట్టి η దాదాపు 0.84. స్థాయి 3 ఖాళీగా ఉన్నందున t = 2 దగ్గర కూడా అదే 4.01 వస్తుంది. అలాంటి సమానాలు వచ్చినప్పుడు ఒక ప్రోగ్రాం మొదటిదాన్ని ఇవ్వవచ్చు, ఇంకొకటి చివరిదాన్ని ఇవ్వవచ్చు. ఈ ముక్క వరకు ఫలితం ఒక్కటే. కానీ అదే అంకెను పక్క ముక్కలకు కూడా వాడదలిస్తే, 256 స్థాయిల మీద ఆ ఖాళీ వెడల్పుగా ఉండవచ్చు కాబట్టి, దాని నడిమి విలువను తీసుకోవడం మేలు.

ఇలా దొరికిన థ్రెషోల్డ్‌ను ఆ 12 పిక్సెళ్లకు కాక, మొత్తం 100 పిక్సెళ్లకూ వర్తింపజేయాలి. అప్పుడు నాలుగు పిక్సెళ్లు నలుపు, తొంభై ఆరు తెలుపు అవుతాయి. ఈ మార్గానికీ ఒక హద్దు ఉంది. పలుచని కాగితం మీద వెనుక పుటలోని సిరా ముందుకు ఊరి కనిపించే చోట ఆ ఊరిన గీతలకు కూడా అంచులు ఉంటాయి, అవి ఎంపికలో చేరిపోతాయి. అక్కడ ఉన్నవి నిజానికి మూడు తరగతులు: ముందు సిరా, వెనుక నీడ, కాగితం. అప్పుడు రెండు థ్రెషోల్డ్‌లు పెట్టి, మూడు తరగతుల మీద అదే σB² ను, అంటే ప్రతి తరగతి సగటు మొత్తం సగటు నుంచి ఉన్న దూరం వర్గాన్ని దాని వాటాతో గుణించి కూడి, గరిష్ఠం చేయాలి. ఇక గట్టి అంచులు ఒక్కటీ దొరకని ముక్కలో థ్రెషోల్డ్ లెక్కించనే కూడదు. దాన్ని నేరుగా కాగితంగా రాసేసి తరువాతి ముక్కకు వెళ్లాలి.